ఆహ్వానంలో ‘ఏం వేసుకు రావాలి’ అన్న వాక్యం: ఏ పద్ధతిలో రాస్తే మంచిది?

ఆహ్వానం పంపిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. "ఇంతకీ ఏం వేసుకు రమ్మంటారు?" అని కొందరు అడుగుతారు. అడిగేవాళ్లతో చిక్కు లేదు, చెబితే సరిపోతుంది. నేను ఎక్కువగా ఆలోచించేది అడగనివాళ్ల గురించి. వాళ్లు ఆహ్వానంలో బట్టల గురించి ఉన్న ఆ ఒక్క వాక్యాన్ని రెండుమూడుసార్లు చదువుకుని, తమ దగ్గర అలాంటి బట్టలు లేవనుకుని, "ఆ రోజు వీలు కాదండీ" అని మర్యాదగా తప్పుకుంటారు. ఆ వాక్యమే వాళ్లను ఆపిందని పిలిచినవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

తెలిసినవాళ్ల వేడుకలకు ఆహ్వానాల మాటలు రాసిపెట్టడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. తేదీ, సమయం, చోటు రాయడానికి పది నిమిషాలు పడితే, బట్టల గురించిన ఆ వాక్యానికి ఒక పూట పడుతుంది. దాన్ని రాయడానికి వాడుకలో ఉన్నవి ప్రధానంగా ఆరు పద్ధతులు: ఒక్క పేరు చెప్పి వదిలేయడం, పేరుకు వివరణ చేర్చడం, వద్దన్నవి చెప్పడం, పరిస్థితి చెప్పి ఎంపిక అతిథికి వదిలేయడం, రంగులు సూచించడం, అసలేమీ చెప్పకపోవడం. వీటిలో ఏది మీకు నప్పుతుందో చూసే ముందు, దేన్ని బట్టి తూచాలో అనుకుందాం.

## దేన్ని బట్టి తూచాలి

మొదటిది బీరువా పరీక్ష. అతిథి బీరువా తలుపు తెరిచి నిలబడి, మీ వాక్యాన్ని తలచుకుని, ఒక జత బట్టలు తీసి మంచం మీద పెట్టగలగాలి. అందుకు రెండు హద్దులు తెలియాలి. ఇంతకంటే తక్కువైతే తేడాగా కనిపిస్తాను అన్నది కింది హద్దు, ఇంతకంటే ఎక్కువైతే అతి అవుతుంది అన్నది పై హద్దు. చాలా ఆహ్వానాలు ఒక్క హద్దే చెబుతాయి. "జీన్స్ వద్దు" అంటే కింది హద్దు తెలిసింది, పై హద్దు తెలియలేదు. "బ్లాక్ టై" అని లాంఛనమైన విందు దుస్తుల పేరు రాస్తే పై హద్దు తెలిసింది, అది లేనివాళ్లు ఏం చెయ్యాలో తెలియలేదు.

రెండోది ఖర్చు. ఈ వాక్యం చదివాక ఎంతమంది కొత్త బట్టలు కొనాలి? పిలిచినవాళ్లకు అది పట్టింపు కాకపోవచ్చు, వచ్చేవాళ్లకు అవుతుంది. ఉన్నవాటితో రావచ్చన్న దారి ఆ వాక్యంలోనే కనిపించాలి. విడిగా అడిగితే "అయ్యో, మీకు ఉన్నది వేసుకు రండి" అని మనం చెబుతామని వాళ్లకు ఎలా తెలుస్తుంది? పైగా అలా అడగడమే కొందరికి కష్టం.

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ వాక్యం ఎవరిని అనుమానిస్తోంది? "మర్యాదైన దుస్తులు" అన్న రెండు మాటలు తీసుకోండి. రాసినవాళ్ల మనసులో ఏమీ లేకపోవచ్చు. చదివినవాళ్లకు మాత్రం ‘మర్యాద లేకుండా వచ్చేవాళ్లు ఉన్నారు, అది మీరు కావచ్చు’ అని వినిపిస్తుంది. బట్టల గుణం చెప్పాల్సిన చోట మనిషి గుణం చెప్పే మాట పడితే నొప్పి కలుగుతుంది. సభ్యమైన, పద్ధతైన, డీసెంట్, హుందాగా ఉండే, తగిన – ఇవన్నీ ఆ కోవలోవే. పైగా వీటితో బీరువా పరీక్ష కూడా నెగ్గలేరు. ఏది మర్యాదో ఇంటింటికీ మారుతుంది కాబట్టి, నొప్పించడమే తప్ప సమాచారం ఏమీ ఇవ్వని మాటలు ఇవి.

## ఒక్క చూపులో

| పద్ధతి | బీరువా ముందు స్పష్టత | కొనాల్సి వస్తుందా | నొచ్చుకునే అవకాశం | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఒక్క పేరు | ఆ పేరు తెలిసినవాళ్లకే | తరచుగా | ఓ మోస్తరు | అందరూ ఒకే వృత్తివర్గం వాళ్లైతే |
| పేరు + వివరణ | బాగుంటుంది | వివరణను బట్టి | తక్కువ | చాలా వేడుకలకు |
| వద్దన్నవి చెప్పడం | సగమే | తక్కువ | ఎక్కువ | గుమ్మం దగ్గర నిజంగా ఆపే చోట |
| పరిస్థితి చెప్పడం | చాలా బాగుంటుంది | తక్కువ | అన్నిటికన్నా తక్కువ | ఆరుబయట, కలగలుపు అతిథులు |
| రంగులు | రంగు వరకే | చాలా తరచుగా | ఓ మోస్తరు | చిన్న బృందం, ముందుగా చెప్పగలిగితే |
| ఏమీ చెప్పకపోవడం | లేదు | చెప్పలేం | కనిపించదు, కానీ ఉంటుంది | రోజూ కలిసే నలుగురికి |

## ఒక్క పేరు చెప్పి వదిలేయడం

అచ్చు ఆహ్వానపత్రికల్లో ఈ ఆనవాయితీ పాతదే. కార్డు కింద కుడి మూలన చిన్న అక్షరాల్లో రెండు మాటలు ఉంటాయి, అంతే. ఆ రెండు మాటల వెనక ఉన్నదంతా తెలిసినవాళ్లకు అంతకంటే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లు ఆ పేర్లను పొల్లుపోకుండా అక్షరార్థంలో చదువుతారు, చిక్కు అక్కడే.

బ్లాక్ టై అంటే నల్ల టై కాదు. నల్లటి డిన్నర్ జాకెట్, దానికి నల్లటి బో టై. అమెరికాలో ఆ జాకెట్‌నే టక్సీడో అంటారు. న్యూయార్క్ రాష్ట్రంలోని టక్సీడో పార్క్ అనే ఊరి నుంచి ఆ పేరు వచ్చింది. దానికి జోడీగా ఆడవాళ్లకు సాధారణంగా నేలను తాకే గౌను. ఇది తెలియని మనిషి ఆఫీసు సూట్ మీద నల్ల టై కట్టుకుని, చెప్పిందే చేశానన్న ధీమాతో వస్తాడు. గుమ్మంలోకి వచ్చాక అందరి మెడల్లో బో టైలు చూసి ముడుచుకుపోతాడు. తప్పు అతనిది కాదు. ఆ మాటలను ఎవరు చదివినా ముందు వచ్చే అర్థం అదే.

బ్లాక్ టై ఆప్షనల్ అన్నదాంట్లో ఇంకో తికమక ఉంది. ఉంటే టక్సీడో, లేకపోతే ముదురు రంగు సూట్ అని దాని ఉద్దేశం. చదివినవాళ్లలో కొందరు టై కట్టుకోవడమే ఐచ్ఛికమని అనుకుంటారు. లాంజ్ సూట్ అని బ్రిటిష్ తరహా కార్డుల్లో వేస్తారు. అది మామూలు సూట్, టై మాత్రమే. వినేవాళ్లకు మాత్రం సోఫాలో వాలి కూర్చునేటప్పటి బట్టల్లా వినిపిస్తుంది. కాక్‌టెయిల్ అంటే కొందరికి పానీయమే గుర్తొస్తుంది తప్ప, మోకాలి దగ్గర ఆగే గౌను, సూట్ గుర్తుకు రావు.

అన్నిటికన్నా ఎక్కువ వాడేది, అన్నిటికన్నా తక్కువ చెప్పేది స్మార్ట్ క్యాజువల్. దీనికి అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. ఒకచోట కాలర్ ఉన్న టీషర్ట్ చాలు, ఇంకోచోట జాకెట్ ఉండాలి. ఇక పిలిచేవాళ్లు సొంతంగా అల్లే ‘గార్డెన్ ఎలిగెన్స్’, ‘ఫెస్టివ్ షిక్’ లాంటి పేర్లకు అర్థం అల్లినవాళ్ల మనసులో తప్ప ఎక్కడా ఉండదు. అతిథి దాన్ని వెతికితే వందలకొద్దీ ఫొటోలు కనిపిస్తాయి, వాటిలో అందరూ మోడళ్లే. అది చూశాక ధైర్యం పెరగదు.

తెలుగులో రాసేటప్పుడు ‘సంప్రదాయ దుస్తులు’ అన్న మాట కూడా ఇలాంటి పేరే. అతిథులందరూ ఒకే చోటి నుంచి వచ్చేవాళ్లైతే సరే. వేర్వేరు దేశాలవాళ్లు, మతాలవాళ్లు ఉన్నప్పుడు ఎవరి సంప్రదాయం? తమదా, పిలిచినవాళ్లదా? పిలిచినవాళ్లదే అయితే బయటివాళ్లు అది కట్టుకుంటే బాగుంటుందా, వేషం వేసినట్టు ఉంటుందా? ఒక్క మాట చేరిస్తే ముడి విడిపోతుంది: "మీ సంప్రదాయంలో పండగకు వేసుకునేవైనా, మా తరహావైనా, రెండూ సంతోషమే."

## పేరుకు వివరణ చేర్చడం

పేరును ఉంచుతూనే, దాని పక్కన బీరువాలో దొరికే వస్తువుల పేర్లు రెండుమూడు చెప్పడం ఈ పద్ధతి. "కాక్‌టెయిల్ తరహా: సూట్ (టై మీ ఇష్టం), మోకాళ్ల వరకు గానీ ఇంకా పొడవు గానీ ఉన్న గౌను, లేదా మీరు ఏ సంబరానికైనా వేసుకునే బట్టలు." పేరు తెలిసినవాళ్లు పేరు దగ్గరే ఆగుతారు, తెలియనివాళ్లు మిగతాది చదువుకుంటారు. తమకు తెలియదని ఎవరూ ఒప్పుకోవాల్సిన అవసరం రాదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన గుణం ఇదే.

వివరణ రాయడంలో రెండు దారులున్నాయి. బట్టల పేర్లు చెప్పడం ఒకటి. సందర్భంతో పోల్చడం రెండోది: "ఆఫీసులో ముఖ్యమైన సమావేశానికి వెళ్లేటట్టు", "దగ్గరి స్నేహితులతో రాత్రి భోజనానికి వెళ్లేటట్టు". అతిథుల వేషధారణలు రకరకాలుగా ఉన్నప్పుడు రెండోదే మేలు. సూట్ ఎప్పుడూ వేసుకోని మనిషికి కూడా ముఖ్యమైన సమావేశానికి ఏం వేసుకోవాలో తెలుసు. అయితే పోలిక ఇరుకైనదై ఉండాలి. "పెళ్లికి వెళ్లేటట్టు" అంటే ఒకరికి పూలచొక్కా, ఒకరికి మూడు ముక్కల సూట్.

"మగవాళ్లకు ఇవి, ఆడవాళ్లకు ఇవి" అని రెండు వరుసలుగా విడగొట్టడం చూస్తుంటాం. అది అక్కర్లేదు. బట్టలను ఒకే వరుసలో చెబితే ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటారు. గౌను వేసుకోవడం ఇష్టం లేని అమ్మాయి తనకు తానే సూట్ ఎంచుకుంటుంది, ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేకుండా. పిల్లల సంగతి మాత్రం విడిగా చెప్పండి. ఆర్నెల్లలో పొట్టివైపోయే బట్టలను ఒక్క సాయంత్రం కోసం కొనాలా వద్దా అని తల్లిదండ్రులు నిజంగానే తేల్చుకోలేకపోతారు. "పిల్లలు ఆడుకోవడానికి వీలైనవి వేసుకు రావచ్చు" అంటే ఆ ఇంట్లో ఒక బరువు దిగుతుంది.

## వద్దన్నవి చెప్పడం

జీన్స్ వద్దు, షార్ట్స్ వద్దు, చెప్పులు వద్దు. రాయడం తేలిక, అందుకే చాలామంది ఇటువైపు మొగ్గుతారు. దీంట్లో రెండు లోపాలున్నాయి. ఒకటి, నిషేధాల జాబితా ఎప్పటికీ పూర్తి కాదు. జీన్స్ వద్దంటే ట్రాక్ ప్యాంటు సంగతేమిటి? రెండోది, ప్రతి నిషేధం వెనకా మీ మనసులో ఒక మనిషి ఉంటాడు. పోయినసారి అలా వచ్చినతను. ఆ వాక్యం తన గురించేనని అతనికి తెలిసిపోతుంది, అతనితో పాటు ఇంకో పదిమందికి కూడా. ఒక్కరి కోసం అందరికీ రాయకండి. ఆ ఒక్కరికి ఫోన్ చేసి "ఈసారి కాస్త ముస్తాబవుదాం, నువ్వు కూడా" అంటే అయిపోతుంది.

ముందు ‘దయచేసి’ పెడితే మెత్తబడుతుందని అనుకుంటారు. "దయచేసి జీన్స్ వేసుకురావద్దు" అని పైకి చదివి చూడండి. ప్రహరీ గోడ మీద రాసిన హెచ్చరికలా ఉంటుంది.

ఈ పద్ధతి తప్పనిసరయ్యే చోటు ఒకటుంది. వేడుక జరిగే చోటికి సొంత నియమం ఉండి, అది పాటించనివాళ్లను గుమ్మం దగ్గరే ఆపేస్తారంటే, మెత్తగా చెప్పడం అతిథికి ద్రోహమే. అక్కడ నిషేధాన్ని సూటిగా చెప్పండి, కానీ అది ఎవరిదో కూడా చెప్పండి: "ఈ క్లబ్బు నియమం ప్రకారం కాలర్ లేని చొక్కాలను, షార్ట్స్‌ను లోపలికి అనుమతించరు. ఇది వాళ్ల నియమం, ముందే తెలిస్తే మీకు ఇబ్బంది ఉండదని చెబుతున్నాం." అప్పుడు అతిథికి మీ తీర్పు వినిపించదు, మీ జాగ్రత్త వినిపిస్తుంది. ప్రార్థనా స్థలాల్లో తల, భుజాలు కప్పుకోవడం, పాదరక్షలు విడవడం కూడా ఇలాగే చెప్పాలి. పాదరక్షలు విడవాల్సి ఉంటే ముందే తెలియడం చాలామందికి అవసరం. చిరిగిన మేజోళ్ల దగ్గర్నుంచి, కృత్రిమ పాదం పెట్టుకున్నవాళ్లు చేసుకోవాల్సిన ఏర్పాటు దాకా కారణాలు ఉంటాయి.

## పరిస్థితి చెప్పి, ఎంపిక వాళ్లకే వదిలేయడం

నేను ఎక్కువగా వాడేది ఇదే. బట్టల గురించి చెప్పడం తగ్గించి, ఆ రోజు ఎక్కడ ఉంటామో, ఏం చేస్తామో, పిలిచినవాళ్లు ఏం వేసుకుంటున్నారో చెప్పడం. "పచ్చిక మీద నిలబడి మాట్లాడుకుంటాం, నేల మెత్తగా ఉంటుంది" అన్నారనుకోండి. సన్నటి హీల్స్ మట్టిలో దిగబడతాయని వాళ్లకే అర్థమవుతుంది. హీల్స్ వద్దని మీరు ఎవరికీ చెప్పలేదు. "పడవ ఎక్కాలి, గాలి బాగా వీస్తుంది" అంటే గౌను పొడవు గురించి వాళ్లే ఆలోచించుకుంటారు. కారణం తెలిసినప్పుడు నియమం సలహాగా మారుతుంది.

"మేం ఇది వేసుకుంటున్నాం" అన్న వాక్యానికి ఎంత బలముందో రాసి చూస్తే గానీ తెలియదు. అతిథి భయమల్లా తను ఒక్కడే తేడాగా ఉంటానేమోనని. పిలిచినవాళ్ల బట్టలు తెలిస్తే ఆ భయం సగం పోతుంది. పై హద్దు కూడా దాంతోనే తెలిసిపోతుంది, ఎందుకంటే పిలిచినవాళ్లను మించి ముస్తాబవ్వాలని చాలామంది అనుకోరు.

దీని పరిమితి పొడవు. నాలుగు వాక్యాలు కావాలి, కార్డు మీద అంత చోటుండదు. అప్పుడు కార్డు మీద ఒక వాక్యం, మిగతాది వివరాల చీటీలో గానీ, ఫోన్‌లో పంపే సందేశంలో గానీ పెట్టండి. ఫోన్‌లో పంపేటప్పుడు ఈ వాక్యాన్ని బొమ్మలో కలిపేయకుండా కింద అక్షరాలుగా రాయండి. బొమ్మలో ఉన్న సన్నటి అక్షరాలు చిన్న తెరమీద కనిపించవు. చూపు సరిగా లేనివాళ్లకు వాటిని ఫోన్ చదివి వినిపించలేకపోవచ్చు కూడా.

## రంగులు, మౌనం

రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఒకే రంగు చెప్పడం అంటే ఎక్కువమందికి కొనమని చెప్పడమే. తప్పదంటే నాలుగైదు రంగుల కుటుంబం చెప్పండి, చివర తప్పుకునే దారి పెట్టండి: "మట్టి రంగులు, ఆకుపచ్చలు, పసుపు – వీటిలో ఏదైనా కాస్త కనిపిస్తే మాకు ముచ్చట. లేకపోయినా ఫొటోల్లో మీరుంటే చాలు." రంగు నమూనాల బొమ్మ పంపితే ఒక్కో తెర మీద ఒక్కోలా కనిపిస్తుంది కాబట్టి పక్కన మాటల్లో కూడా రాయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లకూ ఆ మాటలే ఆధారం. మీరు కోరే రంగు ఎవరి సంప్రదాయంలోనైనా శోకానికి గుర్తేమో కూడా ఒకసారి చూసుకోండి.

ఏమీ చెప్పకపోవడం ఔదార్యంలా కనిపిస్తుంది. "మీ ఇష్టం, ఏదైనా వేసుకు రండి" అన్నది కూడా దాదాపు అంతే. అందరూ నిజంగా ఏదైనా వేసుకొచ్చే చోట అది నిజం. పిలిచినవాళ్లు సూట్‌లో ఉండబోతున్నప్పుడు ఆ మాట రాస్తే, నమ్మి మామూలుగా వచ్చినవాళ్లు సాయంత్రమంతా మూలన నిలబడతారు.

## క్రియాపదం దగ్గర జాగ్రత్త

పద్ధతి ఏదైనా, తెలుగులో స్వరం క్రియాపదంలో ఉంటుంది. "ధరించవలెను" అంటే ఆజ్ఞ. "ధరించి రావలసిందిగా కోరుచున్నాము" అంటే రూపం వినయమే, లోపల ఆజ్ఞే. "ధరించగలరు" అన్నది పత్రికల భాషలో మర్యాదే. పైన "విచ్చేయగలరు" అని ఉంటే దానితో పొసుగుతుంది, లేకపోతే నోటీసులా ఉంటుంది. "వేసుకు రండి" అన్నది సాదాగా, ఆప్యాయంగా ఉంటుంది. "వేసుకుంటే హాయిగా ఉంటుంది" అంటే సలహా. "మేం వేసుకుంటున్నాం" అంటే కబురు. నిజమైన నియమం ఉన్న చోట మొదటి రెండిటి వైపు, లేని చోట చివరి మూడిటి వైపు జరగండి. ‘మాత్రమే’, ‘తప్పనిసరిగా’, ‘ఖచ్చితంగా’ అన్న మాటలు వేదిక నియమానికి తప్ప వాడకండి.

## ఒక ఆహ్వానం ఎలా మారిందంటే

ఒక జంట తమ పెళ్లయి ఇరవై ఐదేళ్లయిన సందర్భంగా ఎనభై మందిని పిలిచారు. సాయంత్రం ఆరింటికి తోటలో, ఎనిమిదింటికి లోపలి హాల్లో భోజనం. సహోద్యోగులు, బంధువులు, కాలేజీ చదివే పిల్లలు. వాళ్లు మొదట పంపినది ఇది:

> డ్రెస్ కోడ్: స్మార్ట్ క్యాజువల్. దయచేసి జీన్స్, చెప్పులు వేసుకురావద్దు.

మొదట ముప్పై మందికి పంపారు. రెండు రోజుల్లో ముదురు నీలం జీన్స్ ఫర్వాలేదా అని ఇద్దరు, జాకెట్ కావాలా అని ముగ్గురు అడిగారు. ఒక పెద్దాయన మాత్రం రాలేనని కబురు పంపారు. ఆయనకు మధుమేహం వల్ల పాదాలు దెబ్బతిన్నాయి, వైద్యులు చెప్పిన తెరిచి ఉండే మెత్తటి చెప్పులు తప్ప ఇంకేవీ వేసుకోలేరు. ఆ వాక్యం చదివి, తనలాంటివాళ్లు రాకూడదేమో అనుకున్నారట. చెప్పులు వద్దని రాసినవాళ్ల మనసులో ఉన్నది బాత్రూమ్ స్లిప్పర్లు. అప్పుడే వాళ్లు నన్ను అడిగారు.

వెంటనే తిరగరాయకుండా, ఆ రెండు నిషేధాలు ఎందుకు పెట్టారని అడిగాను. చెప్పుల సంగతి ఒక మేనల్లుడి కోసం. జీన్స్ సంగతి ఫొటోల కోసం. మేనల్లుడికి వాళ్లమ్మ చేత చెప్పించాం, ఆ నిషేధం పోయింది. ఫొటోల గురించి అడిగితే, నిజానికి వాళ్లకు కావలసింది కాస్త ముస్తాబైనట్టు ఉండటమే. జీన్స్ మీద మంచి జాకెట్ వేసుకుంటే వాళ్లకు అభ్యంతరమే లేదు. కాబట్టి రెండో నిషేధమూ పోయింది.

రెండో చిత్తులో వాళ్లు "కాస్త హుందాగా ఉండే బట్టలు" అని రాశారు. నిషేధం పోయింది గానీ తీర్పు మిగిలింది, హద్దులూ తెలియలేదు. మూడోసారి వాక్యాన్ని బట్టల దగ్గర కాకుండా ఆ సాయంత్రం దగ్గర మొదలుపెట్టాం:

> ఆరింటికి తోటలో పచ్చిక మీద కలుసుకుంటాం, ఎనిమిదింటికి లోపల భోజనం. మేమిద్దరం కాస్త ముస్తాబై ఉంటాం: ఒకరు సూట్‌లో (టై లేకుండా), ఒకరు పొడవాటి గౌనులో. మీరు దగ్గరివాళ్లతో బయట రాత్రి భోజనానికి వెళ్లేటప్పుడు ఎలా తయారవుతారో అలా రండి, ఇస్త్రీ చొక్కా, ప్యాంటు అయినా చక్కగా సరిపోతుంది. పచ్చిక మెత్తగా ఉంటుంది, చీకటి పడ్డాక చలిగా ఉంటుంది. పాదాలకు ఏది హాయిగా ఉంటే అదే వేసుకోండి, పైన కప్పుకోవడానికి ఒకటి తెచ్చుకోండి.

కార్డు మీద మాత్రం "కాస్త ముస్తాబై రండి, టై అక్కర్లేదు. సాయంత్రం తోటలో, చలిగా ఉంటుంది" అని ఒక్క వరుసే ఉంచాం. కింది హద్దు ఇస్త్రీ చొక్కా, పై హద్దు పిలిచినవాళ్ల సూట్, గౌను. మధ్యలో ఉన్నదంతా అతిథిదే. పాదాల వాక్యం ఆ పెద్దాయన కోసమే చేర్చినా, అది అందరికీ ఉపయోగపడే మాటగా ఉంది కాబట్టి ఆయన్ను ఎత్తిచూపినట్టు కాలేదు. ముందు అందుకున్న ముప్పై మందికి "వివరాలు సరిచేశాం, ఇది చూడండి" అని కొత్తది పంపారు. ఆయనకు మాత్రం ఫోన్ చేసి, పాత వాక్యం పొరపాటని చెప్పారు. ఆయన వచ్చారు.

## మీకు ఏది?

అందరూ ఒకే వృత్తిలో ఉండి, ఇలాంటి విందులకు అలవాటుపడ్డవాళ్లైతే ఒక్క పేరు చాలు. పొడవాటి వివరణ వాళ్లకు విసుగు. ఒక్కరైనా కొత్తవాళ్లుంటే ఒక వరుస వివరణ చేర్చండి. అలవాటైనవాళ్లకు ఆ వరుస వల్ల పోయేదేమీ లేదు.

బంధువులు, స్నేహితులు, ఆఫీసువాళ్లు కలిసే వేడుకైతే పరిస్థితి చెప్పే పద్ధతికి, ఒక సందర్భపు పోలిక జోడించండి. ఇద్దరు పిలుస్తూ, ఇద్దరికీ ముస్తాబు మీద వేర్వేరు అభిప్రాయాలుంటే ముందు మీరిద్దరూ ఏం వేసుకుంటారో తేల్చుకోండి. చాలాసార్లు ఆహ్వానంలోని గందరగోళం అక్కడి నుంచే వస్తుంది.

నిజంగానే బ్లాక్ టై విందు చెయ్యాలని ఉంటే చెయ్యండి, అందులో తప్పు లేదు. కాకపోతే కనీసం నెల ముందు చెప్పండి, అద్దెకు తెచ్చుకోవడానికీ, కుట్టించుకోవడానికీ, పాతది సరిచేయించుకోవడానికీ సమయం కావాలి. "ముదురు సూట్ అయినా, మీ దగ్గరున్న మంచి పొడవాటి దుస్తులైనా సరే" అన్న మాట చేర్చగలరేమో చూడండి. చేర్చడం ఇష్టం లేకపోతే, కొందరు బట్టల వల్లే రాలేకపోవచ్చునని తెలిసే ఆ నిర్ణయం తీసుకోండి.

సంతాప సభకైతే అతి తక్కువ చెప్పండి. "నలుపే అవసరం లేదు, మీకు వీలైనవి" అన్న ఒక్క మాట చాలు. ఆ రోజు ఎవరికీ బీరువా ముందు నిలబడే ఓపిక ఉండదు.

పంపే ముందు వాక్యాన్ని ముగ్గురికి చదివి వినిపించండి. ముగ్గురూ మీ ఇంటివాళ్లే కాకూడదు. ఒకరు పెద్దవాళ్లు, ఒకరు ఇరవైలలో ఉన్నవాళ్లు, ఒకరు ఇలాంటి వేడుకలకు అంతగా వెళ్లనివాళ్లు అయితే మంచిది. "అర్థమైందా?" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. "ఏం వేసుకొస్తారు?" అని అడగండి. ముగ్గురూ చెప్పిన బట్టలను పక్కపక్కన ఊహించుకుని, ఆ ముగ్గురూ ఒకే ఫొటోలో ఇబ్బంది లేకుండా నిలబడగలరనిపిస్తే పంపేయండి. ఎవరైనా "కొత్తది కొనుక్కుంటానులే" అంటే మాత్రం ఇంకోసారి తిరగరాయండి.